నాలుగు లక్షలు ఉన్నాయి: మార్కెట్లో పెట్టాలా, టీ షాప్ పెట్టాలా?

నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్‌ల్లో ఈ ప్రశ్న ఒకటి. "అన్నా, కొంచెం డబ్బు దాచుకున్నాను. షేర్ మార్కెట్లో పెట్టమంటారా, చిన్న బిజినెస్ ఏదైనా పెట్టమంటారా? దేంట్లో రిస్క్ తక్కువ?" అని అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామందికి వయసు 22 నుంచి 28 లోపు. ఉద్యోగం ఉంటుంది, జీతం పెద్దగా ఉండదు, బాస్ అంటే విసుగు ఉంటుంది.

దీనికి ఒక్క ముక్కలో సమాధానం చెప్పను. ఎందుకంటే ఈ రెండిట్లోనూ రిస్క్ ఉంది కానీ, అది ఒకే రకం రిస్క్ కాదు. మార్కెట్లో డబ్బు తగ్గే తీరు వేరు, కొట్టు పెడితే డబ్బు పోయే తీరు వేరు. ఆ తేడా అర్థమైతే మీ నిర్ణయం మీరే తీసుకోగలరు. అందుకే ఈరోజు ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని, కాగితం మీద లెక్క వేసుకుంటూ వెళ్దాం. వీలైతే ఫోన్లో కాలిక్యులేటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి.

ఒక తమ్ముడు ఉన్నాడనుకుందాం. వయసు 25. విజయవాడ లాంటి ఊళ్లో ప్రైవేట్ ఉద్యోగం, నెలకి 28 వేలు చేతికొస్తాయి. ఇంటి ఖర్చు 18 వేలు. మూడు నాలుగేళ్లు కష్టపడి 4 లక్షలు దాచాడు. ఇప్పుడు అతని ముందు రెండు దారులు. ఒకటి, ఆ 4 లక్షలు ఇండెక్స్ ఫండ్‌లో పెట్టడం. రెండు, ఉద్యోగం మానేసి ఒక టీ షాప్ పెట్టడం. టీ షాపే ఎందుకంటే అందరికీ తెలిసిన వ్యాపారం, లెక్క సులభం. మీరు మనసులో అనుకునేది టిఫిన్ సెంటర్ అయినా, మొబైల్ యాక్సెసరీస్ షాప్ అయినా, బట్టల కొట్టు అయినా లెక్క వేసే పద్ధతి ఇదే.

ముందు మార్కెట్ సంగతి చూద్దాం

మార్కెట్ అన్నప్పుడు నేను ఇండెక్స్ ఫండ్ గురించే మాట్లాడుతున్నా. అంటే దేశంలో పెద్ద కంపెనీలు ఒక 30 గానీ 50 గానీ ఉంటే, వాటన్నిట్లో మీ డబ్బు కొంచెం కొంచెం పెట్టే ఫండ్. ఒకే కంపెనీ షేర్ కొనడం వేరే సంగతి. మన హైదరాబాద్ కంపెనీ సత్యం గుర్తుందా? మీరు అప్పటికి చిన్నపిల్లలై ఉంటారు. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం జరిగిందని కంపెనీ అధిపతే ఒప్పుకున్నాడు. ముందు రోజు దాదాపు 179 రూపాయలున్న షేర్ ఆ ఒక్క రోజులోనే 40 రూపాయల దగ్గరికి పడిపోయింది. బాగా తెలిసిన కంపెనీ, మన ఊరి కంపెనీ అని డబ్బంతా అందులోనే పెట్టినవాళ్లకి తేరుకునే టైమే లేదు. 50 కంపెనీల్లో అది ఒకటైతే దెబ్బ తగులుతుంది గానీ, మనిషి కూలిపోడు.

సరే, ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాడు. ఎంత పడొచ్చు? గతంలో జరిగినవి చూద్దాం. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేల దగ్గర ఉంది. 2009 మార్చికి 8 వేల దగ్గరికి వచ్చింది. అంటే ఆ పైన ఉన్నప్పుడు 4 లక్షలు పెట్టినవాడికి యాప్ ఓపెన్ చేస్తే సుమారు లక్షా 55 వేలు కనపడుతుంది. కడుపులో తిప్పే సంగతే. కానీ అమ్మకుండా ఉన్నవాడికి 2010 నవంబర్‌కి సెన్సెక్స్ మళ్లీ 21 వేలకి వచ్చింది. దాదాపు రెండేళ్ల పది నెలలు పట్టింది. 2020లో కరోనా అప్పుడు కూడా చూశాం. జనవరిలో 42 వేల దగ్గరున్నది మార్చి 23న 26 వేల కిందకి పోయింది. నవంబర్‌కి మళ్లీ 42 వేలు దాటింది.

దీన్ని బట్టి "మార్కెట్ ఎప్పుడూ తిరిగి లేస్తుంది, భయం లేదు" అని కొందరు చెప్తారు. అలా అనుకోవద్దు. జపాన్ మార్కెట్ సూచీ నిక్కీ 1989 చివర్లో 38,900 దాటింది. ఆ తర్వాత పడింది. మళ్లీ ఆ అంకెని దాటింది ఎప్పుడో తెలుసా? 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్లు. కాబట్టి తిరిగి లేవడం ఆనవాయితీయే గానీ హామీ కాదు. అందుకే ఒకేసారి మొత్తం పెట్టకుండా నెలనెలా కొంచెం కొంచెం పెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇందులో మనం పట్టుకోవాల్సిన విషయం ఏంటంటే, ఇండెక్స్ ఫండ్‌లో ఎంత పడ్డా మూడు సంగతులు మారవు. మీరు పెట్టినదానికంటే ఎక్కువ పోదు. ఎవరూ వచ్చి ఇంకా డబ్బు కట్టమని అడగరు. కావాలనుకుంటే, ఆరోజున్న రేటుకి అమ్మేస్తే రెండు మూడు పని రోజుల్లో డబ్బు బ్యాంకులో పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ ఉద్యోగం మీకే ఉంటుంది. మార్కెట్ పడిన నెల కూడా జీతం 28 వేలు వస్తూనే ఉంటుంది.

మరి మార్కెట్లో నిజంగా నష్టపోయేది ఎప్పుడు? పడినప్పుడు కాదు, పడిన సమయంలో డబ్బు అవసరమైనప్పుడు. చెల్లి పెళ్లికి దాచిన డబ్బు, వచ్చే ఏడాది ఫీజు కట్టాల్సిన డబ్బు మార్కెట్లో పెడితే, సరిగ్గా అప్పుడే పడితే, నష్టానికి అమ్ముకోక తప్పదు. కాబట్టి మార్కెట్ రిస్క్‌ని కొలవాలంటే "ఎంత పడొచ్చు" అని మాత్రమే అడిగితే చాలదు. "ఈ డబ్బు నాకు ఎప్పుడు కావాలి" అని అడగాలి. ఐదేళ్ల లోపు కావాల్సిన డబ్బైతే అది మార్కెట్‌కి పోకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తా. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్‌ని దీంతో కలపొద్దు. యాప్ ఒకటే, స్క్రీన్ ఒకటే కాబట్టి అదీ ఇన్వెస్ట్‌మెంటే అనిపిస్తుంది. సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్క బయటపెట్టింది. మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ ట్రేడింగ్ చేసిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. సగటున మనిషికి సుమారు 2 లక్షలు. మన తమ్ముడి దగ్గరున్నదాంట్లో అది సగం. ఇంకో సంగతి, ఆప్షన్లు అమ్మితేనో ఫ్యూచర్స్‌లో ఉంటేనో మీరు పెట్టినదానికంటే ఎక్కువ కూడా పోవచ్చు. నేను పైన చెప్పిన మొదటి రెండు రక్షణలూ అక్కడ ఉండవు.

ఇప్పుడు టీ షాప్ లెక్క

4 లక్షలు ఎలా ఖర్చవుతాయో చూద్దాం. షాప్ అద్దె 12 వేలు అనుకుందాం, ఐదు నెలల అడ్వాన్స్ 60 వేలు. కౌంటర్, బోర్డు, లైట్లు, టైల్స్ పనులు కలిపి లక్షా 40 వేలు. స్టవ్, గిన్నెలు, ఫ్రిజ్, మిగతా సామాను 90 వేలు. మొదటి సరుకు, రిజిస్ట్రేషన్లు, చిల్లర ఖర్చులు 30 వేలు. ఇవన్నీ పోను చేతిలో 80 వేలు మిగులుతాయి. అది షాప్ నడపడానికి ఉంచుకున్న డబ్బు. ఊరిని బట్టి, సెంటర్‌ని బట్టి ఈ అంకెలు మారతాయి. మీ ఊరి అంకెలు వేసుకోండి.

నెల నెలా తప్పనిసరి ఖర్చులు ఏంటి? అద్దె 12 వేలు, టీ మాస్టర్ జీతం 18 వేలు, హెల్పర్‌కి 10 వేలు, కరెంట్ 3 వేలు, రిపేర్లు, క్లీనింగ్ 2 వేలు. మొత్తం 45 వేలు. ఒక్క టీ అమ్మకపోయినా ఇవి కట్టాలి.

టీ 15 రూపాయలు. పాలు, పంచదార, టీ పొడి, గ్యాస్, కప్పు అన్నీ కలిపి సుమారు 7 రూపాయలు అవుతాయనుకుందాం. టీకి మిగిలేది 8 రూపాయలు. 45 వేలని 8తో భాగిస్తే నెలకి 5,625 టీలు. రోజుకి 188 టీలు. అంటే రోజుకి 188 టీలు అమ్మితే నష్టం లేదు అన్నమాట. బిస్కెట్లు, సమోసాలు కూడా అమ్ముతాం కదా అంటారేమో. అమ్మండి. సమోసా మీద 4 రూపాయలు మిగిలితే అది అర టీ అని లెక్క వేసుకోండి, అంతే.

చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. "రోజుకి 188 ఎంత అన్నా, మా సెంటర్లో గంటలో అయిపోతాయి" అంటారు. అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది.

తమ్ముడు ఉద్యోగం మానేశాడు. అతని 28 వేలు ఎక్కడి నుంచి రావాలి? షాప్ నుంచే. కాబట్టి అది కూడా షాప్ ఖర్చే. అతను ఓనర్ అయినంత మాత్రాన అతని శ్రమ ఉచితం కాదు. 45 వేలకి 28 వేలు కలిపితే 73 వేలు. ఇంకోటి, కౌంటర్, ఫ్రిజ్, స్టవ్ ఇవి జీవితాంతం ఉండవు. పనులకీ సామానుకీ కలిపి 2 లక్షల 30 వేలు పెట్టాడు. నాలుగేళ్లు వస్తాయనుకుంటే నెలకి దాదాపు 4,800 అరుగుతున్నట్టు. ఇంకొకటి కూడా ఉంది. ఆ 4 లక్షలు ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో 7 శాతానికి ఉంచితే నెలకి సుమారు 2,300 వచ్చేది, అది వదులుకున్నాడు. అన్నీ కలిపితే నెలకి 80 వేల పైచిలుకు. 8తో భాగించి 30 రోజులకి పంచితే రోజుకి దాదాపు 335 టీలు.

చూశారా? 188 ఎక్కడ, 335 ఎక్కడ! ఈ రెండు అంకెల మధ్యలో చాలా చిన్న వ్యాపారాలు ఏళ్ల తరబడి ఇరుక్కుని ఉంటాయి. ఉదాహరణకి మన తమ్ముడు రోజుకి 250 టీలు అమ్ముతున్నాడనుకోండి. నెలకి 60 వేలు మిగులుతాయి, ఖర్చులు 45 వేలు పోను 15 వేలు చేతికొస్తాయి. అడిగినవాళ్లకి "నెలకి 15 వేలు లాభం" అని చెప్తాడు. అబద్ధం కాదు. కానీ ఉద్యోగంలో ఉంటే 28 వేలు వచ్చేవి. పొద్దున ఐదింటికి లేచి, ఆదివారం కూడా లేకుండా, నెలకి 13 వేలు తక్కువకి పని చేస్తున్నాడు. నష్టం కనపడదు కాబట్టి ఆపాలని కూడా అనిపించదు. వ్యాపారంలో ఇలాంటి నష్టాన్ని పసిగట్టడమే అన్నిటికంటే కష్టం.

షాప్ నడవకపోతే ఏమవుతుంది?

ఇప్పుడు చెడు జరిగితే ఎలా ఉంటుందో చూద్దాం. రోజుకి 130 టీలే పోతున్నాయి. నెలకి మిగిలేది 31 వేలు, ఖర్చు 45 వేలు. నెలకి దాదాపు 14 వేలు చేతి నుంచి పడుతున్నాయి. ఉంచుకున్న 80 వేలు ఆరు నెలల్లోపే అయిపోతాయి. అప్పుడు మూసేశాడు. ఎంత తిరిగొస్తుంది?

అడ్వాన్స్ 60 వేల్లో ఓనర్ రంగులకని, ఒక నెల అద్దె అని 12 వేలు పట్టుకుంటాడనుకుందాం, 48 వేలు వస్తాయి. సామాను సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే మూడో వంతు, 30 వేలు. టైల్స్, బోర్డు, కౌంటర్ పనులకి పైసా రాదు. గోడకి అతికించిన డబ్బు గోడకే ఉంటుంది. మొత్తం 78 వేలు. అంటే 4 లక్షల్లో 3 లక్షల 22 వేలు పోయాయి. ఆరు నెలల జీతం లక్షా 68 వేలు రాలేదు. కలిపి చూస్తే 4 లక్షల 90 వేలు. పెట్టింది 4 లక్షలు, పోయింది 4 లక్షల 90 వేలు.

అప్పు చేయకుండానే ఇది. ఇంకో ప్రశ్న అడగండి: ఆ ఆరు నెలలు ఇంటి ఖర్చు నెలకి 18 వేలు ఎక్కడి నుంచి వచ్చింది? దాచుకున్నదంతా షాపులో పెట్టేశాడు కదా. క్రెడిట్ కార్డు నుంచో, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టో వచ్చి ఉంటుంది. ముద్రా లోన్ తీసుకుంటే దానికి తాకట్టు అడగరు, నిజమే. కానీ తాకట్టు లేదంటే కట్టక్కర్లేదని కాదు. షాప్ మూసినా వాయిదా ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోర్ పడుతుంది, రేపు ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు అది ముందుకొస్తుంది. సొంత పేరు మీద నడిపే చిన్న వ్యాపారంలో షాప్ అప్పు వేరు, మీ అప్పు వేరు అని ఉండదు. రెండూ ఒకటే.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 2008 లాంటి పెద్ద పతనం వచ్చినా మార్కెట్లో 4 లక్షలు లక్షా 55 వేలు అయ్యింది, జీతం ఆగలేదు, వేచి ఉండే అవకాశం ఉంది. షాప్ నడవకపోతే 4 లక్షలు 78 వేలు అయ్యాయి, జీతం కూడా పోయింది, వేచి ఉంటే నష్టం తగ్గకపోగా నెలకి 14 వేల చొప్పున పెరుగుతుంది. మార్కెట్లో ఓపిక పట్టేవాడికి ఆశ ఉంటుంది. నడవని షాపులో ఓపిక పడితే ఖర్చే పెరుగుతుంది. నేను మొదట్లో రకం వేరు అన్నది ఇందుకే.

మరి వ్యాపారం ఎందుకు చేయాలి?

ఇంతవరకు విని "అయితే వ్యాపారం వద్దంటున్నాడు" అనుకోవద్దు. అవతలి వైపు కూడా చూడాలి. 4 లక్షలు మార్కెట్లో ఏటా సగటున 11 శాతం పెరిగాయనుకుందాం. గ్యారంటీ లేదు, అనుకుందాం. మొదటి ఏడాది 44 వేలు. నెలకి 3,700 కూడా కాదు. దాంతో జీవితం మారదు. పదేళ్లు కదపకుండా ఉంచితే 11 లక్షల పైచిలుకు అవుతుంది, 6 శాతమే పెరిగితే 7 లక్షల దగ్గర ఆగుతుంది. చిన్న మొత్తం మీద మార్కెట్ ఇచ్చేది కూడా చిన్నగానే ఉంటుంది. పైగా మీరు ఎంత తెలివైనవాళ్లయినా, ఎంత కష్టపడినా ఇండెక్స్ ఫండ్ ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వదు.

అదే టీ షాప్ రోజుకి 450 టీలకి చేరితే? నెలకి లక్షా 8 వేలు మిగులుతాయి. 45 వేలు పోను, ఇంకో కుర్రాడిని పెట్టుకుని 10 వేలు ఇచ్చినా 53 వేలు చేతికొస్తాయి. జీతం కంటే 25 వేలు ఎక్కువ. 4 లక్షల మీద ఇలాంటి రాబడి ఏ ఫండ్ ఇవ్వదు. ఎందుకంటే అది డబ్బు సంపాదించింది మాత్రమే కాదు. మీ చెయ్యి, మీ మాట, రోజూ ఒకేలా ఉండే మీ టీ రుచి సంపాదించినది.

అందుకే నేనెప్పుడూ ఇలా చూడమంటాను. మార్కెట్లో పెట్టడం అంటే మీరు వేరే పని చేసుకుంటుంటే డబ్బుని పెరగనివ్వడం. చిన్న వ్యాపారం పెట్టడం అంటే మీ డబ్బుతో మీకోసం ఒక ఉద్యోగం కొనుక్కోవడం. కాబట్టి వ్యాపారం గురించి "ఎంత శాతం వస్తుంది" అని అడిగేముందు "ఈ ఉద్యోగం నేను చేయగలనా, ఇది నా పాత ఉద్యోగం కంటే మంచిదా" అని అడగాలి.

పెట్టకముందే ఎలా తెలుసుకోవాలి?

వ్యాపారంలో ఒక మంచి గుణం ఉంది. మార్కెట్ రేపు పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఒక సెంటర్లో 335 టీలు పోతాయో లేదో చాలావరకు ముందే తెలుసుకోవచ్చు. షాప్ రోజుకి 14 గంటలు తెరిచి ఉంటుందనుకుంటే 335 టీలంటే గంటకి 24. మీరు షాప్ పెట్టాలనుకున్న చోటికి దగ్గర్లో ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి లెక్కపెట్టండి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది, పదకొండింటికి ఒక గంట, మధ్యాహ్నం రెండింటికి ఒక గంట, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఒక సోమవారం, ఒక శనివారం, ఒక ఆదివారం. ఆఫీసుల మధ్య ఉన్న కొట్టుకి ఆదివారం ఎలా ఉంటుందో, కాలేజీ దగ్గర కొట్టుకి ఎండాకాలం సెలవుల్లో ఎలా ఉంటుందో చూడకుండా నెలకి 30 రోజులు అని గుణించొద్దు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లడం బోర్ కొడుతుంది, అయినా వెళ్లండి. ఆ ఖాళీ గంటలకి కూడా మీరు అద్దె కడతారు.

అక్కడ జనం బాగానే ఉన్నారని తేలితే, వాళ్లు మీ దగ్గరికి వస్తారా అన్నది రెండో ప్రశ్న. దానికి ఉద్యోగం ఉండగానే చిన్నగా చేసి చూడాలి. ఒక బండి అద్దెకి తీసుకునో, తెలిసినవాళ్ల కొట్టు ముందు ఒక టేబుల్ వేసుకునో, సాయంత్రాలు, ఆదివారాలు రెండు మూడు నెలలు నడపండి. దీనికి 40, 50 వేలకి మించి పెట్టొద్దు. ఇందులో లాభం చూడక్కర్లేదు. చూడాల్సింది ఒక్కటే: నిన్న వచ్చినవాడు ఇవాళ మళ్లీ వచ్చాడా? స్నేహితులు, చుట్టాలు వచ్చిన లెక్క తీసేయండి. తెలియనివాళ్లు వారానికి మూడు సార్లు వస్తుంటే షాప్‌కి దారి ఉంది. ప్రతిరోజూ కొత్త మొహాలే కనపడుతుంటే రుచిలోనో, చోటులోనో తేడా ఉంది.

ఒకవేళ స్నేహితుడు వచ్చి "నువ్వు డబ్బు పెట్టు, నేను చూసుకుంటా" అంటే? ముందుగా అడగాల్సింది లాభంలో వాటా ఎంత అని కాదు. "కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఎవరి అకౌంట్‌ది?" అని అడగండి. ఈ రోజుల్లో టీకి కూడా ఫోన్లోనే కడుతున్నారు. ఆ కోడ్ అతని సొంత అకౌంట్‌దైతే షాప్ ఎంత అమ్మిందో మీకు ఎప్పటికీ తెలియదు. షాప్ పేరు మీద కరెంట్ అకౌంట్ ఉండాలి, ప్రతి అమ్మకం మెసేజ్ ఇద్దరికీ రావాలి. అతని జీతం ఎంత, లాభం ఎంత అన్నది వేరువేరుగా కాగితం మీద ఉండాలి. పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం షాప్ పేరు మీద ఒకరు చేసిన అప్పుకి ఇద్దరూ బాధ్యులే. "నేను డబ్బు మాత్రమే పెట్టాను" అంటే అప్పు ఇచ్చినవాడు వినడు.

మరి ఆ 4 లక్షలు ఏం చేయాలి?

నన్నడిగితే మన తమ్ముడికి ఇలా చెప్తాను. మొదట ఆరు నెలల ఇంటి ఖర్చు, లక్షా 8 వేలు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పక్కన పెట్టు. అది మార్కెట్‌దీ కాదు, షాప్‌దీ కాదు. 50 వేలు ట్రయల్‌కి తీసుకో. మిగిలిన 2 లక్షల 42 వేలు? ఏడాదిలోపు షాప్ పెట్టే ఆలోచన ఉంటే ఆ డబ్బు కూడా డిపాజిట్‌లోనే ఉండాలి. "అప్పటిదాకా షేర్లలో తిప్పుదాం" అనొద్దు. షాప్ దొరికిన నెలలోనే మార్కెట్ పడితే రెండూ పోతాయి.

మార్కెట్‌కి మాత్రం జీతంలోంచి నెలకి 5 వేలు ఇండెక్స్ ఫండ్‌లో సిప్ పెట్టు. పదేళ్లలో 6 లక్షలు కడతావు. 6 శాతం పెరిగితే సుమారు 8 లక్షల 20 వేలు, 11 శాతం పెరిగితే సుమారు 10 లక్షల 80 వేలు. షాప్ పెట్టినా ఈ 5 వేలు ఆపకుండా ఉండగలిగితే చాలా మంచిది, ఎందుకంటే షాప్ మూతపడినా ఇది నీతో ఉంటుంది.

ట్రయల్ బాగా నడిచి, లెక్క 335 దాటేలా ఉంటే షాప్ పెట్టు. చేతిలో ఉన్నదాంతో సరిపోకపోతే చిన్న షాప్ పెట్టు, టైల్స్ తగ్గించు, అంతేగానీ ఇంటి ఖర్చు డబ్బు మాత్రం ముట్టుకోకు. తెరిచే రోజే ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వు. "షాప్ నడపడానికి ఉంచిన డబ్బు అయిపోతే ఆపేస్తాను, దానికోసం కొత్త అప్పు చేయను. ఎనిమిది నెలలకి కూడా రోజుకి 250 దాటకపోతే ఆపేస్తాను." షాప్ తెరిచాక మనసు లెక్క వినదు, రేపటి నుంచి పెరుగుతుందనే చెప్తుంది. అందుకే ముందే రాయాలి.

ట్రయల్‌లో తెలియనివాళ్లు మళ్లీ రాకపోతే, పోయింది 50 వేలు. ఉద్యోగం ఉంది, డిపాజిట్ ఉంది. షాప్ పెట్టాలన్న ఆలోచన పక్కన పెట్టాక, ఆ 2 లక్షల 42 వేలు ఐదేళ్ల దాకా అక్కర్లేదనుకుంటే, అప్పుడు నెలకి 20 వేల చొప్పున ఏడాది పాటు ఇండెక్స్ ఫండ్‌లోకి మార్చుకో.

మీరు అనుకుంటున్న వ్యాపారం ఏదైనా సరే, మూడు అంకెలు కామెంట్‌లో రాయండి: నెలకి తప్పనిసరి ఖర్చు ఎంత, ఒక్కో అమ్మకం మీద మిగిలేది ఎంత, ఇప్పుడు మీకొచ్చే జీతం ఎంత. కొన్ని తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో మీ 335 ఎంతో కలిసి లెక్క వేద్దాం. ఉంటాను మరి, నమస్తే.